ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడగవచ్చు, జబ్బు ఫైలంతా అడగడానికి వీల్లేదు

జబ్బు చేసి సెలవు పెట్టిన ఉద్యోగిని తిరిగి డ్యూటీలో చేర్చుకునే ముందు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెమ్మని అడగడం తప్పు కాదు. కోలుకోని మనిషిని పనిలో పెట్టుకుని రేపు ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సింది యాజమాన్యమే కాబట్టి ఆ జాగ్రత్త సబబే. చిక్కంతా ఆ తర్వాత మొదలవుతుంది. సర్టిఫికెట్ ఇచ్చినా సరిపోదని, డిశ్చార్జి సమ్మరీ, రక్తపరీక్షల రిపోర్టులు, మందుల చీటీలు అన్నీ జత చేస్తేనే లోపలికి రానిస్తామని చాలా ఆఫీసులు పట్టుబడుతున్నాయి. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో ఉద్యోగి అన్నీ ఇచ్చేస్తాడు. ప్రైవేటు యజమాని జబ్బు పేరే అడగకూడదని సూటిగా చెప్పే ఒకే ఒక్క చట్టం మన దేశంలో లేదన్నది నిజం. అయినా వేర్వేరు నియమాలను, తీర్పులను కలిపి చదివితే ఒక గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఈ మనిషి తన పని చేయగలడా, చేస్తే తనకు గానీ ఇతరులకు గానీ ప్రమాదమా అని అడగవచ్చు. ఆ రెండు ప్రశ్నలకు జవాబు దొరికాక ఇంకా తవ్వే అధికారం యజమానికి లేదు.

ఈ విషయంలో అందరికన్నా పట్టుదల గల యజమాని ప్రభుత్వమే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1972 నాటి సెలవు నిబంధనల్లో 24వ నిబంధన ప్రకారం, వైద్య ధ్రువపత్రం మీద సెలవు తీసుకున్నవారు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వకుండా డ్యూటీలో చేరలేరు. ఫండమెంటల్ రూల్ 71 చెప్పేదీ అదే. మరి ఆ సర్టిఫికెట్‌లో ఏముండాలి? దాని నమూనా ఫారం 5. ఫలానా వ్యక్తిని జాగ్రత్తగా పరీక్షించాను, జబ్బు నయమైంది, ఇప్పుడు విధుల్లో చేరడానికి తగిన ఆరోగ్యంతో ఉన్నారు, ఈ నిర్ణయానికి వచ్చేముందు సెలవు మంజూరుకు ఆధారమైన వైద్య పత్రాలను చూశాను అని వైద్యుడు అందులో సంతకం చేస్తాడు. జబ్బు పేరు రాయడానికి అందులో గడే లేదు. పాత పత్రాలను చూడాల్సింది వైద్యుడు, ఆఫీసు సూపరింటెండెంటు కాదు. ప్రైవేటు వైద్యులు వాడదగిన నమూనా వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనల అనుబంధంలో ఉంది. అక్కడ సెలవు కోసం ఇచ్చే పత్రంలో జబ్బు పేరుకు చోటు ఉంది. తిరిగి చేరేటప్పుడు ఇచ్చే పత్రంలో లేదు. సెలవు అడిగినప్పుడు ఎందుకు రాలేకపోతున్నారో కొంతవరకు చెప్పక తప్పదు. చేరేటప్పుడు కావలసింది పనిచేయగలరా అన్న సంగతి ఒక్కటే. ఈఎస్‌ఐ పరిధిలోని కార్మికుడికైతే డ్యూటీలో చేరే తేదీ వేసి ఈఎస్‌ఐ వైద్యుడు ఇచ్చే ఫైనల్ సర్టిఫికెట్ ఇందుకు సరిపోతుంది.

ఒక ఉదాహరణ వేసుకుని చూద్దాం. విజయవాడలో ఒక గోదాములో బస్తాలు ఎత్తే కార్మికుడికి హెర్నియా ఆపరేషన్ అయింది. నాలుగు వారాల సెలవు తర్వాత పనికి వచ్చాడు. యజమాని తెలుసుకోవాల్సింది ఒకటే: ఇతను ఇప్పుడు బరువులెత్తవచ్చా? వైద్యుడు ‘పనిలో చేరవచ్చు’ అని మాత్రమే రాస్తే ఆ ప్రశ్నకు పూర్తి జవాబు రానట్టే. అలాంటి సర్టిఫికెట్ పట్టుకుని మొదటి రోజే యాభై కిలోల బస్తా ఎత్తమంటే నష్టపోయేది కార్మికుడే. అదే వైద్యుడు, ‘ఫలానా తేదీ నుంచి పనిలో చేరవచ్చు. మరో ఆరు వారాలు పది కిలోలకు మించి బరువు ఎత్తకూడదు. నిలబడి చేసే పనికి, లెక్కలు రాసే పనికి అభ్యంతరం లేదు’ అని రాస్తే యజమానికి కావలసిందంతా అందులో ఉంది. ఏ ఆపరేషన్ అయిందన్నది ఆ కాగితం మీద లేకపోయినా ఆయన నిర్ణయానికి వచ్చే లోటు లేదు. అందుకే సర్టిఫికెట్ రాయించుకునేటప్పుడు తాను చేసే పనేమిటో, ఎన్ని గంటలు నిలబడాలో, రాత్రి షిఫ్టు ఉందో లేదో వైద్యుడికి వివరంగా చెప్పాలి. ఈ వివరాలు లేకపోవడమే మన సర్టిఫికెట్లలో ఎక్కువగా కనిపించే లోపం. ఒక్క వాక్యంలో ముగించిన పత్రం యజమానిలో అనుమానం రేపుతుంది, ఆ అనుమానమే ఫైలంతా తెమ్మనేదాకా పోతుంది.

అదే కార్మికుడి డిశ్చార్జి సమ్మరీ గోదాము ఆఫీసుకు వెళ్లిందనుకుందాం. ఆపరేషన్‌కు ముందు చాలా ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి పరీక్షలు చేస్తారు. ఆ ఫలితాలు సమ్మరీలోనో, దానికి జతచేసిన రిపోర్టుల్లోనో ఉంటాయి. పాత జబ్బుల చరిత్ర, వాడుతున్న మందులు, మద్యం అలవాటు కూడా అక్కడే కనిపిస్తాయి. హెర్నియా గురించి అడిగిన గుమాస్తా చేతికి హెచ్‌ఐవీ ఫలితం, కుంగుబాటుకు వాడే మాత్రల పేరు కూడా చేరిపోతాయి. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం, న్యాయం కోసం అవసరమని కోర్టు ఆదేశిస్తే తప్ప తన హెచ్‌ఐవీ స్థితి చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఉద్యోగం ఇవ్వడానికి ఆ పరీక్షను షరతుగా పెట్టడమూ అదే చట్టం నిషేధించింది. మానసిక చికిత్స వివరాల గోప్యతకు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం హామీ ఇచ్చింది. డిశ్చార్జి సమ్మరీ తప్పనిసరి అంటూ పెట్టే షరతు ఈ రక్షణలను పక్కదారిన దాటేయడమే అవుతుంది. అది మామూలు ఆఫీసు పద్ధతి అనుకుని ఊరుకోవడానికి వీల్లేదు.

కోర్టులు కూడా ఈ గీతనే పట్టుకున్నాయి. కొత్తగా చేరే మహిళల చేత ఎల్‌ఐసీ నింపించిన ఒక డిక్లరేషన్‌లో నెలసరి సక్రమంగా వస్తుందా, ఎన్నిసార్లు గర్భం దాల్చారు వంటి ప్రశ్నలుండేవి. వాటికి సరైన జవాబు ఇవ్వలేదని ప్రొబేషన్‌లో ఉన్న ఒక మహిళను తొలగించారు. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది, ఆ ప్రశ్నలు అవమానకరమైనవని, వాటిని తీసేయాలని సూచించింది. 1997లో బొంబాయి హైకోర్టు, హెచ్‌ఐవీ ఉందన్న కారణంగా ఒక ప్రభుత్వరంగ సంస్థ పక్కన పెట్టిన కాజువల్ కార్మికుడి కేసులో, అతను పని చేయగలిగి, ఇతరులకు ప్రమాదం లేనప్పుడు జబ్బు పేరు చెప్పి పని నిరాకరించడం చెల్లదని తేల్చింది. ఈ రెండు తీర్పులూ ప్రభుత్వ సంస్థల మీద వచ్చినవి. ప్రైవేటు యజమాని మీద అవి నేరుగా పనిచేయవు. ఆ ఖాళీని పూరించేది సమాచార చట్టం. 2011 నాటి ఐటీ నిబంధనలు ఆరోగ్య స్థితిని, వైద్య రికార్డులను సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా గుర్తించాయి. కంపెనీలు దాన్ని రాతపూర్వక సమ్మతితో, అవసరమున్న మేరకే సేకరించాలి. వీటి స్థానంలోకి దశలవారీగా వస్తున్నది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం.

ఇక్కడ యాజమాన్యాల తరఫున వినిపించే మొదటి మాట, చేరేటప్పుడే మీరు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టారు కదా అని. 2023 చట్టం ఈ వాదనకు ఒక ఉదాహరణతో జవాబిచ్చింది. ఫోనులో వైద్య సలహా ఇచ్చే యాప్ కాంటాక్టుల జాబితాకు కూడా అనుమతి తీసుకుంటే, వైద్య సలహాకు అవసరమైన సమాచారం వరకే ఆ సమ్మతి చెల్లుతుంది. అవసరం దాటిన సమ్మతికి విలువ లేదు. నిజమే, ఉద్యోగ అవసరాల కోసమైతే సమ్మతి లేకుండానే సమాచారం వాడుకునే వీలు యజమానికి ఇదే చట్టం ఇచ్చింది. దీన్ని యజమానులు ముందు ముందు గట్టిగా వాడుకుంటారు. కానీ అక్కడా ఉద్యోగ అవసరం అన్న షరతు ఉంది. బస్తాలెత్తగలడో లేదో తేల్చడానికి హెపటైటిస్ రిపోర్టు ఎందుకో యజమానే చెప్పాలి.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. డబ్బిస్తే ఎవరైనా సర్టిఫికెట్ రాసిస్తారు, మేమెలా నమ్మాలి అంటారు. దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయన్నది కాదనలేం. అందుకు దారి నిజానిజాలు విచారించడం. వైద్యుడి రిజిస్ట్రేషన్ నంబరు సరిచూసుకోవచ్చు, ఆ సర్టిఫికెట్ తాను ఇచ్చిందేనా అని వైద్యుడిని అడగవచ్చు. ఇంకా అనుమానం ఉంటే కంపెనీ తన ఖర్చుతో మరో వైద్యుడి చేత పరీక్ష చేయించవచ్చు. ఆ వైద్యుడు వివరాలన్నీ చూడవచ్చు గానీ, కంపెనీకి పంపాల్సింది తన నిర్ణయం మాత్రమే. పేషెంటు రహస్యాలను బయటపెట్టకూడదన్న వృత్తి నియమం ఆయనకూ వర్తిస్తుంది. ఆ పరీక్ష కోసం ఆపిన రోజులకు జీతం కోయడం నా ఉద్దేశంలో అన్యాయం. అనుమానం యజమానిదైనప్పుడు దాని ఖర్చు ఉద్యోగి మీద వేయకూడదు.

ఇతరుల ప్రాణాలతో ముడిపడిన పనుల్లో ఎక్కువ అడగడం సబబే. బస్సు డ్రైవరు చూపు, వంటశాలలో పనిచేసేవారి అంటువ్యాధులు, క్షయకు చికిత్స పొందిన నర్సు నుంచి వ్యాప్తి ఆగిందా అన్నవి పనికి సంబంధించిన ప్రశ్నలే. అయితే అన్‌ఫిట్ అని తేలడంతో కథ ముగిసిపోదు. వర్ణాంధత్వం బయటపడిందని తెలంగాణ ఆర్టీసీ వైద్య కారణాలతో ఇంటికి పంపిన ఒక డ్రైవరు కేసులో, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు అతనికి తగిన వేరే పోస్టు ఇవ్వాలని ఆదేశించింది. ప్రభుత్వ సంస్థల్లో ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని తొలగించకూడదని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షన్ కూడా చెబుతోంది.

ఇలాంటి ఒత్తిడి మీకే ఎదురైతే, చేరాల్సిన రోజున ఆఫీసుకు వెళ్లి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జతచేసిన జాయినింగ్ రిపోర్టు ఇచ్చి, రసీదు తీసుకోండి. తీసుకోకపోతే అదే రోజు ఈమెయిల్‌లో గానీ రిజిస్టర్డ్ పోస్టులో గానీ పంపండి. మీరు పనికి సిద్ధంగా వచ్చారని, ఆపింది యాజమాన్యమని రేపు చూపించేది ఆ కాగితమే. అది లేకపోతే అనుమతి లేకుండా గైర్హాజరయ్యారని మీ మీదే నోటీసు రావచ్చు. ఇంకా కాగితాలు కావాలంటే ఏ నిబంధన కింద, ఏ అవసరానికి, ఎవరు చూస్తారో రాతలో అడగండి. ఇన్సూరెన్సు క్లెయిము కోసం ఇచ్చిన పత్రాలను చేరడానికి వాడకూడదని అదే లేఖలో రాయండి. డిశ్చార్జి సమ్మరీ తప్పదంటే కంపెనీ వైద్యుడికి నేరుగా చూపిస్తానని చెప్పండి, హెచ్‌ఆర్ ఫైలులో కాపీ పెట్టనివ్వకండి. అయినా లోపలికి రానివ్వకపోతే మీ ప్రాంత కార్మిక శాఖ అధికారికి ఆ లేఖ కాపీతో ఫిర్యాదు చేయండి.