క్రీమ్ మచ్చలు, ఆరు వారాల గడువు

స్రవంతీ,

నువ్వు పంపిన ఫోటోలు రెండూ పెద్దవి చేసి చూశాను. మోకాలి కింద ముందువైపు, ఎముక మీదుగా ఉన్న ఆ గోధుమరంగు చారలు అలర్జీ మచ్చల్లా లేవు, క్రీమ్ కాల్చిన గుర్తుల్లా ఉన్నాయి. అలర్జీ సాధారణంగా మర్నాడో మూడోనాడో దురదతో మొదలవుతుంది, క్రీమ్ తగలని చోటికి కూడా పాకుతుంది. నీకు మాత్రం రాసుకున్న పది నిమిషాల్లోనే మంట పుట్టింది, రాసిన హద్దు దాటి ఒక్క మచ్చా లేదు. పిక్కల మీద అసలే లేదు. ఎముక మీద చర్మం తొందరగా పొడిబారి సన్నసన్నగా పగులుతుంది. ఆ పగుళ్ళలోంచే మందు లోపలికి దిగింది.

డబ్బా మీద ఆరు నిమిషాలని రాసి ఉన్నా వెంట్రుకలు పూర్తిగా రాలేదని పావుగంట ఉంచానన్నావు. ఆ క్రీముల్లో థయోగ్లైకోలేట్ అనే లవణం ఉంటుంది, దానికి తోడు బాగా ఘాటైన క్షారం. క్షారం వెంట్రుకని ఉబ్బిస్తే, లవణం వెంట్రుకలోని కెరటిన్ బంధాల్ని తెంచి దాన్ని గుజ్జులా చేస్తుంది. ఆ గంధకపు వాసన అందుకే. చిక్కేమిటంటే మన చర్మం పైపొర కూడా కెరటినే. వెంట్రుక ముందు కరుగుతుంది, చర్మం కాస్త ఆలస్యంగా దెబ్బతింటుంది. ఆ రెండిటి మధ్య ఉన్న కొద్ది నిమిషాల తేడాలోనే మనం పని ముగించుకోవాలి. మూడు నిమిషాలకి ఒక చోట గరిటెతో గీకి చూడాలి. వస్తే అన్నీ తీసెయ్యడమే. రాకపోతే డబ్బా మీద రాసిన చివరి నిమిషం దాకా చూసి, ఎన్ని మిగిలినా కడిగెయ్యాలి. మిగిలినవాటి కోసం అదే రోజు రెండోసారి రాయకూడదు. మంట పుడితే గడియారం చూడక్కర్లేదు, ధారగా నీళ్ళు పోసుకోవడమే.

ఇప్పుడు నిన్ను బాధపెడుతున్నది వెంట్రుకలు కావు, మచ్చలు. మన చామనఛాయ ఒంటికి ఎక్కడ వాపు, మంట వచ్చినా అక్కడ చర్మం రంగు ఎక్కువగా తయారుచేస్తుంది. ఎరుపు వారంలో పోతుంది, ఆ నలుపు మాత్రం నెలల తరబడి ఉండిపోతుంది. అందుకే క్రీమా, వాక్సింగా, రేజరా అని అడిగిన వాళ్ళకి నేను మొదట నీ చర్మం దేనికి మంటెత్తుతుందో చెప్పమంటాను. ఎన్నాళ్ళు నున్నగా ఉంటుందన్నది ఆ తర్వాతి సంగతి. మీ అమ్మ నిమ్మచెక్క రుద్దమందట కదా, వద్దు. నిమ్మరసం అంటిన చోట ఎండ తగిలితే ఇంకా నల్లబడుతుంది. సున్నిపిండి రాపిడి కూడా ఈ రెండు నెలలు ఆ మచ్చల జోలికి రానివ్వకు. స్నానం కాగానే తడి ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్, కాళ్ళు కనబడే బట్టలేసుకుని ఎండలోకి వెళ్ళేటప్పుడు సన్‌స్క్రీన్. అంతకు మించి ఏమీ చెయ్యకు.

క్రీమ్ రాసుకుని ఇప్పటికి రెండు వారాలైంది. అన్నయ్య పెళ్ళికి ఇంకా ఆరు వారాలుంది. పట్టుచీర కట్టుకునే పెళ్ళిలో కాళ్ళెవరు చూస్తారని మీ అమ్మమ్మ అంటుందిలే, సంగీత్‌కి మోకాళ్ళ దాకా గౌను కుట్టించావన్న సంగతి ఆవిడకి తెలీదు. మచ్చలున్న ముందువైపుని, బాగున్న పిక్కల్ని వేరువేరుగా చూద్దాం.

మచ్చలున్న చోట ఇంకో రెండు వారాలు ఏమీ వద్దు. ఆ తర్వాత రేజర్. రేజర్ అనగానే ‘ముళ్ళలా వస్తాయి, దట్టంగా వస్తాయి’ అంటావని తెలుసు. మా పార్లర్‌కి వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది అనేది అదే. ఈ నమ్మకాన్ని 1928లోనే అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త మగవాళ్ళ గడ్డాల మీద పరీక్షించి కాదని తేల్చింది. 1970లో మరో పరీక్షలో అయిదుగురు యువకులు కొన్ని నెలలపాటు వారం వారం ఒక కాలే గీసుకున్నారు, రెండోది ముట్టుకోలేదు. చివరికి వెంట్రుకల లావులోగానీ పెరిగే వేగంలోగానీ రెండు కాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మరి గరుకెందుకంటే, తనంత తాను పెరిగిన వెంట్రుక కొస సన్నగా ఉంటుంది. బ్లేడు దాన్ని మధ్యలో అడ్డంగా కోస్తుంది గనక మొండిగా, పూర్తి లావుతో బయటికొస్తుంది. చేతికి తగిలేది ఆ మొండి కొసే. క్రీమ్ వెంట్రుకని చర్మం మట్టానికో, రవ్వంత కిందికో కరిగిస్తుంది కాబట్టి కొస కాస్త మెత్తగా వస్తుంది. అంతేగానీ వేరు రెండిటిలోనూ లోపలే ఉంటుంది. రేజర్‌తో రెండు మూడు రోజులకి చేతికి తగిలితే, క్రీమ్‌తో నాలుగైదు రోజులు, మహా అయితే వారం. ఆ రెండు మూడు రోజుల లాభం కోసం నీ చర్మాన్ని మళ్ళీ ఆ క్షారానికి అప్పగించమని నేను చెప్పను.

గీసుకునే పద్ధతి సులువే, కానీ హాస్టల్ పిల్లలు దాన్ని హడావుడిలో చెడగొట్టుకుంటారు. స్నానం మొదట్లో కాకుండా చివర్లో పెట్టుకో, అప్పటికి వెంట్రుక నాని మెత్తబడుతుంది. మీ హాస్టల్ బోరు నీళ్ళకి సబ్బు నురగ రాదు, వచ్చినా ఆరిపోయి చర్మాన్ని లాగుతుంది. షేవింగ్ జెల్ లేకపోతే తలకి రాసుకునే కండిషనర్ పట్టించు. వెంట్రుక వాలు ఎటుంటే అటే, అంటే మోకాలి నుంచి మడమ వైపు, నొక్కకుండా లాగు. ఎదురు గీస్తే ఇంకా నున్నగా వస్తుంది నిజమే, కానీ కోసిన కొస చర్మం కిందికి జారి లోపలే వంకర తిరిగి పెరుగుతుంది. మర్నాడు కనిపించే ఎర్ర పొక్కుల్లో చాలావాటికి మూలం అదే. ఒకసారి గీసిన చోటికి మళ్ళీ వెళ్ళకు. బ్లేడు అయిదారుసార్లకి మించి వద్దు, బాత్‌రూమ్‌లో తడిగా వదలకు, రూమ్‌మేట్‌కి అరువివ్వకు. కనబడని గాటులోంచి కూడా హెపటైటిస్ లాంటివి ఒకరి నుంచి ఒకరికి అంటగలవు.

పిక్కలకి వాక్సింగ్ చూద్దాం. నా వ్యాపారం అదే అయినా దాని మంచీ చెడూ రెండూ చెప్తాను. వాక్స్ వెంట్రుకని కుదురులోంచి పెకలిస్తుంది కాబట్టి అది మళ్ళీ పైకి రావడానికి మూడు వారాల నుంచి ఆరు వారాలు పడుతుంది, కొస సన్నగా వస్తుంది. అయినా ‘పదిరోజులకే వచ్చేశాయి’ అని గొడవపడేవాళ్ళుంటారు. దానికి రెండు కారణాలు. ఒకటి సహజమైనది. వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు. వాక్స్ చేసిన రోజున కొన్ని ఇంకా చర్మం కిందే ఉంటాయి, అవి తర్వాత పైకొస్తాయి. రెండోది చేసేవాళ్ళ తప్పు. పట్టీని చర్మానికి దగ్గరగా, వెంట్రుక వాలుకి ఎదురు, పడుకోబెట్టినట్టు వెనక్కి లాగాలి. పైకెత్తి లాగితే వెంట్రుక మధ్యలో తెగుతుంది. అప్పుడు నొప్పీ ఖర్చూ వాక్స్‌వి, ఫలితం రేజర్‌ది. తేల్చుకోవాలంటే లాగిన పట్టీని వెలుతురులో చూడు. వెంట్రుకల చివర చిన్న బుడిపె ఉంటే వేరుతో వచ్చినట్టు. ఎక్కువ వాటికి బుడిపె లేదంటే తెగినట్టు. అక్కడే ఆపమని చెప్పడానికి మొహమాటపడకు.

వెంట్రుక కనీసం బియ్యపుగింజంత ఉంటేనే వాక్స్ పట్టుకుంటుంది. కాలి వెంట్రుక రోజుకి మిల్లీమీటరులో సుమారు అయిదో వంతు పెరుగుతుంది కాబట్టి ఇంకో మూడు వారాలు పిక్కల్ని ముట్టుకోకపోతే కావలసినంత వచ్చేస్తుంది. అప్పుడు ఒక పిక్క మీద అరచేయంత మేరకే వాక్స్ చేయించుకో. ముందు నీ మణికట్టు లోపలివైపు కొంచెం రాయించుకుని వేడి చూసుకో. ఒకే చోట రెండుసార్లు రాయనివ్వకు, ఎందుకంటే వెంట్రుకతో పాటు పైపొర కొంత లేస్తుంది. ఒకరికి వాడిన గరిటెని మళ్ళీ డబ్బాలో ముంచుతున్నారేమో కూడా గమనించు. ఆ రోజంతా వేడినీళ్ళు, బిగుతు లెగ్గింగ్స్, చెమట పట్టే ఆటలు మానెయ్.

ప్రతి కుదురు చుట్టూ ఎర్రగా చిన్న పొంగు రావడం మామూలే, ఒకటి రెండు రోజుల్లో అణిగిపోతుంది. మూడోనాటికి చీము తలలు కనిపిస్తే కుదుళ్ళకి ఇన్‌ఫెక్షన్ వచ్చినట్టు. వారం పదిరోజుల తర్వాత గోధుమరంగు చుక్కలు మిగిలితే నీ చర్మానికి వాక్స్ కూడా పడదన్నమాట, పెళ్ళికి రెండు కాళ్ళూ రేజర్‌తోనే కానిద్దాం. ఏమీ రాకపోతే సంగీత్‌కి నాలుగు రోజుల ముందు పిక్కలు పూర్తిగా చేయించుకో. అప్పటికి వెంట్రుకలు బాగా పొడుగవుతాయి కాబట్టి కత్తెరతో అర సెంటీమీటరుకి తగ్గించమను, లాగినప్పుడు నొప్పి తక్కువ. ముందురోజే చేయించుకుంటే ఆ ఎర్ర పొంగులతోనే ఫోటోలు దిగాల్సొస్తుంది. పరీక్షకి చేయించుకున్న అరచేయంత చోట ఈలోగా ఎన్ని తిరిగొచ్చాయో కూడా చూసుకో. మా పార్లర్ల మాట కంటే నీకు ఎన్నాళ్ళు ఆగుతుందో అదే సరిగ్గా చెబుతుంది. మచ్చలున్న ముందువైపు మాత్రం సంగీత్ ముందురోజు రాత్రి రేజర్‌తో గీసుకో.

వాక్స్ చేయించుకుంటూ పోతే వెంట్రుకలు శాశ్వతంగా ఆగిపోతాయని పార్లర్‌లో ఎవరైనా ప్యాకేజీ అంటగట్టబోతే కొనకు. కొందరికి కొంత పలచబడినట్టు అనిపిస్తుంది గానీ, మానేస్తే మళ్ళీ వస్తాయి.

వాక్సింగ్‌కి నీ రూమ్‌మేట్ కూడా నీతో వస్తానందని రాశావు. ఆ అమ్మాయి మొటిమలకి వేసుకుంటున్న మాత్రల పేరు కనుక్కో. అది ఐసోట్రెటినాయిన్ అయితే వాక్స్ దగ్గరికే రావద్దని చెప్పు. ఆ మందు చర్మాన్ని ఎంత పెళుసు చేస్తుందంటే పట్టీతో పాటు చర్మమే ఊడొస్తుంది. మందు ఆపాక కూడా ఆరు నెలలు ఆగాలి. పార్లర్లలో ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ, తనే చెప్పాలి.

మచ్చల దగ్గర వేడిగా ఉబ్బినా, రసి కారినా, ఎరుపు పాకుతున్నా నాకు ఫోటో పంపుతూ కూర్చోకుండా చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్ళు. మిగిలిన క్రీమ్ డబ్బా ఎవరికీ ఇవ్వకుండా పారెయ్.

ఇట్లు,
మీ పిన్ని
తెనాలి