చిల్లర వర్తకంలో తిరిగే చక్రం

కొత్త తరహా దుకాణం సాధారణంగా తక్కువ ధరలతోనే బజారులో అడుగుపెడుతుంది. ఆదరణ దొరికాక సౌకర్యాలు పెంచుతుంది. వాటితో ఖర్చులూ, ఖర్చులతో ధరలూ పెరుగుతాయి. అలా ఖాళీ అయిన తక్కువ ధరల చోటులోకి మరో కొత్త వర్తకుడు వస్తాడు. హార్వర్డ్ ఆచార్యుడు మాల్కమ్ మెక్‌నేర్ 1958లో వివరించిన ఈ క్రమాన్నే చిల్లర వర్తక చక్రం అంటారు.

డిపార్ట్‌మెంట్ స్టోర్ అంటే నేడు ఖరీదైన చోటనే భావన ఉంది. కానీ 1852లో పారిస్‌లోని బాన్ మార్షే దుకాణంలో భాగస్వామి అయిన అరిస్టీడ్ బూసికో నమ్ముకున్నది తక్కువ లాభాన్నే. బేరం లేకుండా ఒకే ధర పెట్టి, సరుకు త్వరగా అమ్ముడుపోయేలా చూశాడు.

ఇందులోని కిటుకు చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక వర్తకుడి దగ్గర లక్ష రూపాయల సరుకు ఉందనుకుందాం. 40 శాతం లాభంతో ఏడాదికి మూడుసార్లు అమ్మితే 1,20,000 రూపాయలు మిగులుతాయి. 24 శాతం లాభమే వేసుకుని ఐదుసార్లు అమ్మినా మిగిలేది అంతే. అయితే అద్దె, జీతాలు దీనిలోంచే పోవాలి. పాలరాతి మెట్లు, అరువు, ఇంటికి చేరవేత మొదలైతే 24 శాతం చాలదు. చక్రం తిరిగేది అక్కడే.

ఆన్‌లైన్ దుకాణాలదీ ఇదే దారి. 1995లో అమెజాన్, 2007లో ఫ్లిప్‌కార్ట్ పుస్తకాలతో మొదలయ్యాయి. బజారులో దుకాణానికి అద్దె కట్టే పని లేదు. తర్వాత గోదాములు, త్వరిత చేరవేత, వెనక్కి తీసుకునే సౌకర్యం వచ్చి చేరాయి. ఉచిత చేరవేతకు కనీస కొనుగోలు పరిమితి పెంచడం, నిర్వహణ రుసుము వేయడం వంటివి ఖర్చు బరువవుతోందనడానికి గుర్తులు. ధరల పట్టికకన్నా ఇవే ముందుగా చెబుతాయి.

ఇక పోర్ట్ బ్లెయిర్‌లోని డిగ్నాబాద్ వంటి చోట సముద్రం కూడా లెక్కలోకి వస్తుంది. చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమై ఆర్డరు పెట్టడాన్ని తేలిక చేసింది. సరుకు మాత్రం ఓడలోనో విమానంలోనో రావాల్సిందే. విడి పార్శిల్‌కు 80 రూపాయల రవాణా అవుతుందనుకుంటే, 2,000 రూపాయల ఇయర్‌ఫోన్‌పై అది 4 శాతమే. 200 రూపాయల ప్లాస్టిక్ బకెట్‌పై 40 శాతం. ఓడలో ఒకేసారి వంద బకెట్లు తెప్పించే వీధి కొట్టుకు ఒక్కోదానిపై పడే రవాణా చాలా తక్కువ. తేలికైన, ఖరీదైన వస్తువుల్లో ఆన్‌లైన్‌ది పైచేయి అయినా, బియ్యం, బకెట్ల వంటి వాటిలో కొట్టు నిలబడగలగడానికి కారణం ఇదే.

ఈ చక్రం అన్నిచోట్లా ఒకేలా తిరగదని స్టాన్లీ హోలాండర్ 1960లోనే చూపాడు. నాణెం వేస్తే వస్తువునిచ్చే యంత్రాలు మొదటి నుంచీ ఖర్చు ఎక్కువ పద్ధతే. మన దేశంలో ఎయిర్ కండిషన్డ్ మాల్ కూడా పై మెట్టు మీదే మొదలైంది. నిమిషాల్లో సరుకు తెచ్చే సేవలు అమ్మేది ప్రధానంగా వేగాన్ని. వాటికి మెక్‌నేర్ చక్రం సగమే వర్తిస్తుంది.