పి.ఏ. మేడంకు అయిదు వాక్యాల ఉత్తరం

పెద్ద అధికారిని కలవాలంటే ముందు ఆయన పి.ఏ.ను సమయం అడగాలి. ఎలా అడగాలో నేను ఒక పొరపాటు చేసి నేర్చుకున్నాను.

మన ఇంటర్ పిల్లలకు ఎడ్లపాడు మండలం వంకాయలపాడు స్పైసెస్ పార్కులో మిర్చి పొడి ఎలా తయారవుతుందో చూపించాలని 2025 నవంబరులో పూర్వ విద్యార్థులం అనుకున్నాం. దానికి ఒక కంపెనీ జనరల్ మేనేజర్ గారి అనుమతి కావాలి. ఆయన పి.ఏ. మేడంకు పేజీన్నర మెయిల్ రాశాను. హాస్టల్ చరిత్ర, మా నాన్న కూలి పని, నా పీజీ చదువు అన్నీ అందులో పెట్టాను. చివర "సార్ ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాం" అన్నాను. అదే మర్యాద అనుకున్నాను.

నాలుగు రోజులైనా జవాబు లేదు. ఫోన్ చేస్తే ఆమె మూడే అడిగారు: "పని ఏమిటి బాబూ? ఎంతసేపు? ఏ రోజు?"

అప్పుడు అర్థమైంది. ఆమె ముందు సార్ గారి డైరీ ఉంటుంది. పని తెలియకపోతే సార్‌ను అడగలేరు. ఎంతసేపో తెలియకపోతే ఖాళీ వెతకలేరు. "ఎప్పుడైనా" అంటే వెతికే బరువంతా ఆమె మీద వేసినట్లే. నవంబరు 10న మళ్లీ ఇలా రాశాను:

"విషయం: జి.ఎం. గారితో 15 నిమిషాల సమయం కోసం – విద్యార్థుల సందర్శన అనుమతి

మేడం గారికి నమస్కారం. డిసెంబరులో మా హాస్టల్ విద్యార్థులు 40 మంది మీ యూనిట్ చూడడానికి జి.ఎం. గారి అనుమతి కోరాలనుకుంటున్నాం. ఇద్దరం వస్తాం, 15 నిమిషాలు చాలు. నవంబరు 18 మంగళవారం ఉదయం 11–12, 19 బుధవారం ఉదయం 11–1, 20 గురువారం మధ్యాహ్నం 3–5 మధ్య మాకు అనుకూలం. ఇవి కుదరకపోతే మీరు చెప్పిన సమయానికి సర్దుకుంటాం. శుక్రవారంలోగా తెలియజేయగలరని మనవి."

కింద పేరు, హాస్టల్, ఫోన్ నంబరు పెట్టాను. ఇంగ్లీషులో రాసినా ఇదే వరుస.

మూడు విషయాలు గమనించండి. తేదీ పక్కన వారం కూడా రాస్తే తప్పు పడినా వెంటనే బయటపడుతుంది. 15 నిమిషాల పనికి గంట, రెండు గంటల వ్యవధి ఇస్తేనే ఆమెకు ఎక్కడో చోట ఇరికించే వీలుంటుంది. జవాబు వచ్చేదాకా ఆ మూడు సమయాలూ మనం ఖాళీగా ఉంచుకోవాలి. ఒకటి పోతే వెంటనే చెప్పాలి.

గడువుకు జవాబు రాకపోతే అదే మెయిల్ మీద ఒక్క వాక్యంతో గుర్తు చేయండి. ఆమెను దాటి నేరుగా సార్‌కు ఫోన్ చేయకండి. తిరిగి ప్రశ్న వచ్చిందంటే మన ఉత్తరంలో ఏది లోపించిందో ఆ ప్రశ్నే చెబుతుంది.

మాకు మర్నాడే జవాబు వచ్చింది: "బుధవారం 11.15కు రండి." పిల్లలను 20 మంది చొప్పున రెండు జట్లుగా తీసుకురమ్మని సార్ అనుమతి ఇచ్చారు. మా నాన్న కూలి పని గురించి అక్కడ ఎవరూ అడగలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు.