స్లైడు మీద ఉన్నది చదవకుండా మాట్లాడాలంటే



ఈ నెల ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు సెమినార్లు ఉన్నాయి. ఇంట్లో పీపీటీ తయారుచేయడం మీరు చూసే ఉంటారు. రంగులు, బొమ్మలు, అక్షరాలు ఎగురుకుంటూ రావడం, వీటికే రెండు మూడు రాత్రులు పోతాయి. తీరా క్లాసులో నిలబడగానే పిల్లలు మనవైపు వీపు పెట్టి తెర మీద ఉన్నది గడగడా చదివేస్తారు. వినేవాళ్లు అంతకంటే ముందే కళ్లతో చదివేసి, తర్వాతి స్లైడు కోసం ఎదురుచూస్తుంటారు. ఒకే వాక్యం కంటికీ చెవికీ ఒకేసారి వస్తే రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. రిచర్డ్ మేయర్ అనే అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త దీన్ని ప్రయోగాలతో చూపించారు. బొమ్మ చూపిస్తూ నోటితో చెబితే బాగా అర్థమవుతుంది. అదే మాటలను తెర మీద కూడా రాస్తే అర్థం కావడం తగ్గుతుంది.

దీనికి మందు స్పీకర్ నోట్స్. అంటే స్లైడు కింద, మాట్లాడేవాళ్లకు మాత్రమే కనిపించేలా రాసుకునే మాటలు. చాలామంది పిల్లలు స్లైడులో ఉన్న పాయింట్లనే కాపీ చేసి అక్కడ పెట్టేస్తారు. అప్పుడు తెర చూసి చదివేది కాగితం చూసి చదువుతారు, అంతే తేడా. నోట్స్‌లో ఉండాల్సింది స్లైడులో లేనిది: ఎందుకు, ఎలా, తర్వాత ఏమైంది అన్నది. అది ఎలా రాయాలో మా మిర్యాలగూడ బ్రాంచిలో తొమ్మిదో తరగతి అమ్మాయి చేసిన ఒక్క స్లైడుతో చూపిస్తాను.

ఆ అమ్మాయి అంశం నాగార్జున సాగర్ ప్రాజెక్టు. మొత్తం ఆరు స్లైడులు, అయిదు నిమిషాలు. నాలుగో స్లైడు కాలువల గురించి. దాని మీద ఉన్నవి నాలుగు లైన్లు:

ఎడమ కాలువ: లాల్ బహదూర్ కాలువ
కుడి కాలువ: జవహర్ కాలువ
నీటి విడుదల: 4 ఆగస్టు 1967
సాగునీరు: నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం జిల్లాలు

సెమినార్ ఇంగ్లీషులో. వాళ్ల నాన్నకు ఇంగ్లీషు రాదు, కాలువ కింద వరి వేస్తారు. అయినా ఆ నోట్స్‌కు అసలు సాయం ఆయనదే. లాప్‌టాప్ మూయించి, "ఇప్పుడు తెలుగుల నాకు చెప్పు" అన్నారట. అమ్మాయి మొదలుపెట్టింది. రెండో వాక్యానికే ఆయన ఆపి, "ఎడమ కాలువ అంటున్నవు గదా బిడ్డా, ఎవరికి ఎడమ?" అన్నారు. అమ్మాయి దగ్గర జవాబు లేదు. మ్యాపులో చూస్తే కాలువ పైన ఉంది, అంటే ఉత్తరాన. ఎడమ అని ఎందుకన్నారు?

నదికి కుడి, ఎడమ అనేవి నది పారే దిక్కును బట్టి వస్తాయి. నీళ్లు పోయేవైపు ముఖం పెట్టి నిలబడితే ఎడమ చేతి వైపున్నది ఎడమ గట్టు. కృష్ణ తూర్పుగా సముద్రంవైపు పోతుంది కాబట్టి ఎడమ చెయ్యి తెలంగాణవైపు, కుడి చెయ్యి పల్నాడు, గుంటూరువైపు పడుతుంది. స్లైడులో దీని ముక్క కూడా లేదు. కానీ క్లాసులో ఎవరికైనా గుర్తుండేది ఇదే. పైగా చేతులు చాపి చూపించవచ్చు.

మీరు చేయాల్సిందీ ఇదే. పిల్లలు స్లైడు చూడకుండా మీకు కథలా చెప్పాలి, మీకు అర్థంకాని చోట మీరు అడగాలి. వాళ్లు ఎక్కడ తడబడతారో అక్కడే నోట్స్ రాయాలి. మీకు విషయం తెలియకపోవడం ఇక్కడ లోపం కాదు. తెలిసినవాళ్లు ఖాళీలను మనసులోనే పూరించుకుంటారు, తెలియనివాళ్లు అడుగుతారు.

ఆ నాన్న ఇంకో ప్రశ్న కూడా వేశారు: "1967ల సూర్యాపేట జిల్లా ఏడుంది?" నిజమే. సూర్యాపేట జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరు 11న. అంతకుముందు అదంతా నల్గొండ జిల్లాయే. పోనీ ఇప్పటి జిల్లా మొత్తం సాగర్ కిందే ఉందా అంటే అదీ కాదు. కోదాడ, హుజూర్‌నగర్ వైపు సాగర్ నీళ్లయితే, సూర్యాపేట వైపు మూసీ ప్రాజెక్టు నీళ్లూ ఉన్నాయి. స్లైడులో ఒక్క లైనుగా ఉన్నప్పుడు ఇవేవీ కనిపించలేదు. పాయింటుగా రాసినప్పుడు దాగిన తప్పు, వాక్యంగా చెప్పబోతే బయటపడుతుంది. నన్నడిగితే నోట్స్ రాయించడంలో పెద్ద లాభం ఇదే, సెమినార్ మార్కులకన్నా కూడా.

ఇక రాయడం. మొదటిసారి పూర్తి వాక్యాల్లోనే రాయించండి, ఆ నాన్నకు చెప్పిన మాటల్లోనే. అమ్మాయి ఇంగ్లీషులో రాసింది, ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను:

"డ్యాములో నిలిచిన నీళ్లు మా పొలం దాకా ఎలా వస్తాయో ఇప్పుడు చూద్దాం. (ఇక్కడ స్లైడు మార్చాలి.) మీరు కృష్ణ పారేవైపు ముఖం పెట్టి నిలబడ్డారనుకోండి. మీ ఎడమ చెయ్యి మనవైపు ఉంటుంది, అదే లాల్ బహదూర్ కాలువ. కుడి చేతివైపు పోయేది జవహర్ కాలువ. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ వీటికి నీళ్లు వదిలారు. అప్పుడు ఇదంతా నల్గొండ జిల్లా. ఇప్పటి సూర్యాపేట జిల్లాలో కోదాడవైపు ఈ నీళ్లు అందుతాయి, సూర్యాపేటవైపు మూసీ కాలువలూ ఉన్నాయి. నీళ్లొచ్చాక వరి వచ్చింది. వరి వచ్చాక మా ఊళ్లో ఏమొచ్చిందో తర్వాతి స్లైడులో చూడండి."

ఆ తర్వాతి స్లైడు మిర్యాలగూడ రైసుమిల్లులది. ఇందులో గమనించాల్సింది మొదటి వాక్యం, చివరి వాక్యం. మొదటిది స్లైడు రాకముందే చెప్పేది. పిల్లలు చాలామంది బటన్ నొక్కాక, ఏమొచ్చిందో తిరిగి చూసి, అప్పుడు నోరు తెరుస్తారు. చదవడం మొదలయ్యేది సరిగ్గా ఆ క్షణంలోనే. రాబోయేదేమిటో ముందే చెప్పి నొక్కితే తిరిగి చూడాల్సిన పని ఉండదు. చివరి వాక్యం తర్వాతి స్లైడుకు వంతెన. ఈ రెండూ ఉంటే మధ్యలో ఒక మాట మరిచిపోయినా ఎవరికీ తెలియదు.

ఇదంతా ఫోనులో టైమర్ పెట్టి, పైకి చదివించి చూడండి. ఇంగ్లీషులో పిల్లలు నిమిషానికి సుమారు నూరు మాటలు తొందరపడకుండా చెప్పగలరు. ఆరు స్లైడులకు అయిదు నిమిషాలంటే స్లైడుకు యాభై సెకన్లు, అంటే ఎనభై మాటలు దాటకూడదు. దాటితే వేగం పెంచమని చెప్పకండి, ఒక వాక్యం తీసేయించండి.

ఇక్కడితో ఆపితే పిల్లలు ఈ పేరాను బట్టీపడతారు. బట్టీపట్టిన పేరాలో ఒక్క మాట జారితే మొత్తం ఆగిపోతుంది. అందుకే మూడు నాలుగుసార్లు చెప్పించాక, పేరాను పక్కనపెట్టి పోస్టుకార్డంత అట్టముక్క మీద గుర్తు మాటలు మాత్రం రాయించండి. ఆ అమ్మాయి కార్డు ఇలా ఉంది:

ముందు: నీళ్లు పొలం దాకా ఎలా?
నది పారేవైపు ముఖం, ఎడమ చెయ్యి
1967 ఆగస్టు 4, ఇందిరాగాంధీ
కోదాడ సాగర్, సూర్యాపేట మూసీ కూడా
తర్వాత: వరి, మిల్లులు

తేదీ, పేరు పూర్తిగా రాసుకుంది చూడండి. అంకెలు, పేర్లు కార్డు చూసి చెప్పడంలో తప్పేమీ లేదు. సైన్సులో నిర్వచనం, సూత్రం ఉన్న స్లైడైతే తెర చూసి మాట మాటా చదవడమే సరైనది, అక్కడ సొంత మాటలు పెడితే అర్థం మారిపోతుంది. మాట తడబడే పిల్లలుంటే కార్డుకు తొందరపడకుండా మొదటి సెమినార్‌కు పూర్తి పేరానే చేతిలో ఉంచనివ్వండి.

కంప్యూటర్ సంగతి. పవర్‌పాయింట్‌లో స్లైడు కింద `Click to add notes` అని ఉన్న చోట టైపు చేయాలి. అది కనిపించకపోతే కింద వరుసలో `Notes` నొక్కితే తెరుచుకుంటుంది. గూగుల్ స్లైడ్స్‌లో అయితే `Click to add speaker notes`. ఇంట్లో సాధన చేసేటప్పుడు పవర్‌పాయింట్‌లో `Alt+F5` నొక్కితే స్లైడు పక్కన నోట్స్ కూడా కనిపిస్తాయి. కానీ క్లాసులో దీన్ని నమ్ముకోవద్దు. పెద్ద తెర మీద, కంప్యూటర్ మీద ఒకే బొమ్మ వచ్చేలా కలిపి ఉంటే, నోట్స్ పిల్లలకు కనిపించకుండా పోవచ్చు, లేదా క్లాసు అంతటికీ కనిపించవచ్చు. ప్రింటు తీసేటప్పుడు `Full Page Slides` అని ఉన్న చోట `Notes Pages` ఎంచుకుంటే స్లైడు, దాని కింద నోట్స్ ఒక కాగితం మీద వస్తాయి. అది టీచరుకు ఇవ్వడానికి, ఇంట్లో సాధనకు బాగుంటుంది. క్లాసులో చేతిలో ఉండాల్సింది మాత్రం కార్డే. ఆరు కాగితాలు వణికే చేతుల్లో చేసే చప్పుడు వెనక బెంచీ దాకా వినిపిస్తుంది.

కొన్నిచోట్ల ముగ్గురు నలుగురు పిల్లలు కలిసి ఒకే పీపీటీ చేస్తున్నారు. స్లైడులు ఒకటే అయినా నోట్స్ ఎవరివి వాళ్లే రాసుకోవాలి. ఇదే కాలువ స్లైడును కోదాడ పిల్లవాడు చెబితే మిల్లుల కంటే 2024 సెప్టెంబరు వానలకు నడిగూడెం మండలంలో ఎడమ కాలువకు గండి పడిన సంగతి చెప్పవచ్చు. సూర్యాపేట పిల్లవాడు తన ఊరికి మూసీ నీళ్లు ఎలా వస్తాయో పోల్చి చెప్పవచ్చు. స్లైడులో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

చివర్లో 'థ్యాంక్యూ' స్లైడు వస్తుంది. దాని కింద నోట్స్ ఎవరూ రాయరు. ప్రశ్నలు అడిగేది అక్కడే కాబట్టి, రాగల ప్రశ్నలు రెండు, వాటి జవాబులు అక్కడ రాయించండి. మన అమ్మాయి రాసుకున్న వాటిలో ఒకటి, "ఎండాకాలం కాలువలో నీళ్లు లేకపోతే?" దాని పక్కన, "బోరు. నాన్నను అడిగాను. మా బోరు కింద ఎకరమే పారుతుంది." సెమినార్ రోజు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అమ్మాయే ఉండబట్టలేక, "ఇంకొకటి చెప్పనా మేడమ్?" అని చెప్పేసింది.