గారె ఘనపరిమాణం కనుక్కుందాం

మధ్యలో చిల్లు ఉన్న గారెను గుర్తు తెచ్చుకోండి. డోనట్‌దీ అదే ఆకారం. దాన్ని నిలువుగా సరిగ్గా రెండు ముక్కలు చేస్తే, కోసిన చోట రెండు గుండ్రని ముఖాలు కనిపిస్తాయి. అసలు గారె కొంచెం అణిగి ఉంటుంది కానీ, మనం ఆ ముఖాన్ని సరైన వృత్తం అనుకుందాం. చిల్లు మధ్యలో ఒక నిలువు పుల్ల ఉందనుకోండి. అదే అక్షం. ఒక వృత్తాన్ని దాని చుట్టూ తిప్పితే మొత్తం గారె తయారవుతుంది.

మొదటి పద్ధతి

వృత్తం వ్యాసార్థం r = 1 సెం.మీ. పుల్ల నుంచి వృత్త కేంద్రానికి దూరం R = 3 సెం.మీ. వృత్తానికి దాని కేంద్రమే గురుత్వ కేంద్రం, అంటే సెంట్రాయిడ్. ఒక చుట్టు తిరిగేటప్పుడు అది నడిచే దూరం 2π × 3 = 6π సెం.మీ. వృత్త వైశాల్యం π × 1² = π చ.సెం.మీ.

ఘనపరిమాణం = వైశాల్యం × గురుత్వ కేంద్రం నడిచిన దూరం
V = π × 6π = 6π² ≈ 59.2 ఘన సెం.మీ.

దీన్ని పాపస్ సిద్ధాంతం అంటారు. పాపస్ 4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న గణిత శాస్త్రజ్ఞుడు.

చాలామంది R బదులు చిల్లు వ్యాసార్థం 2 వేసేస్తారు. అప్పుడు 4π² వస్తుంది, అది తక్కువ. దూరాన్ని ఎప్పుడూ వృత్త కేంద్రం దాకా కొలవండి.

ఇంకో పద్ధతితో సరిచూద్దాం

గారెను ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊహించుకోండి. ప్రతి పొరా పుల్ల చుట్టూ నిలబడిన పల్చటి గొట్టం. పుల్ల నుంచి 3.5 సెం.మీ. దూరంలో ఉన్న పొర చుట్టుకొలత 7π. 2.5 సెం.మీ. దూరంలో ఉన్నదానికి 5π. రెండూ వృత్త కేంద్రానికి అర సెంటీమీటరు దూరంలోనే ఉన్నాయి కాబట్టి వాటి ఎత్తు ఒకటే. రెండింటి సగటు చుట్టుకొలత 6π. బయటి పొరలో ఎంత ఎక్కువైందో, లోపలి పొరలో అంతే తగ్గింది! ప్రతి జతలోనూ ఇంతే. అందుకే అన్ని పొరలూ 6π పొడవే ఉన్నట్టు లెక్కేయొచ్చు.

కేంద్రం నుంచి పొర దూరాన్ని u అంటే, ఇంటిగ్రల్ ఇలా ఉంటుంది:

V = ∫₋₁¹ 2π(3 + u) · 2√(1 − u²) du

u ఉన్న భాగం సున్నా అవుతుంది. మిగిలింది 6π × వృత్త వైశాల్యం = 6π². రెండు జవాబులూ కలిశాయి.

జాగ్రత్త

వృత్తం పుల్లను దాటకూడదు. R = 0 అయితే సూత్రం సున్నా అంటుంది. కానీ వృత్తాన్ని దాని వ్యాసం చుట్టూ తిప్పితే వచ్చేది గోళం, దాని ఘనపరిమాణం సున్నా కాదు కదా!

మీరు చేయండి

r = 2, R = 5 సెం.మీ. అయితే V ఎంత? చిల్లు వ్యాసార్థం ఎంత?

(జవాబు: 40π² ఘన సెం.మీ.; 3 సెం.మీ.)