మెట్ల దారిలో మాటే కొలమానం

అల్వాల్ శ్రీ వేంకటేశ్వరస్వామివారి ఆలయానికి వచ్చే భక్తులలో, అలిపిరి మెట్ల దారిన తిరుమల కొండ ఎక్కాలని సంకల్పించినవారు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. గుండె వేగాన్ని చూపే గడియారం చేతికి లేదు. ఎంత వేగంగా ఎక్కితే క్షేమం? ఈ కొలతకు యంత్రం అవసరం లేదు, మన మాట చాలు.

శ్రమ పెరిగేకొద్దీ శ్వాస వేగం పెరుగుతుంది. మాట్లాడాలంటే నిశ్వాసాన్ని నెమ్మదిగా వదలాలి. శరీరానికి గాలి అవసరం ఎక్కువైనప్పుడు ఆ నిదానం సాధ్యపడక మాట తెగిపోతుంది. నడుస్తూ హాయిగా పాడగలిగితే శ్రమ స్వల్పం. పాడలేకపోయినా పూర్తి వాక్యాలు పలకగలిగితే మితం. రెండు మూడు మాటలకే ఆగి ఊపిరి తీసుకోవలసివస్తే శ్రమ తీవ్రమైనట్లే.

పరీక్షకు కేశవ నామాలు ఇరవైనాలుగూ మామూలు వేగంతో, నడక ఆపకుండా, పైకి పలకండి. నిలబడి పలికితే శ్వాస కుదుటపడి ఫలితం తప్పుతుంది. బృందంతో కలిసి ఒక్కసారి "గోవిందా" అనడం కూడా పరీక్ష కాదు; తీవ్రంగా ఆయాసపడుతున్నవారు సైతం ఒక్క మాట అనగలరు.

దీనికి తోడు మనసుతో వేసుకునే అంకె ఒకటుంది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు గున్నార్ బోర్గ్ శ్రమానుభూతిని 6 నుండి 20 వరకు అంకెలతో కొలిచాడు. నేను సులభమైన 0 నుండి 10 కొలతనే సూచిస్తాను. ఊరక కూర్చుంటే 0, ఇక ఒక్క అడుగైనా వేయలేని స్థితి 10. మితశ్రమ 5, 6 వద్ద ఉంటుంది. 7, 8 తీవ్రం.

అరవై ఏళ్ల భక్తుడొకరిని ఉదాహరణగా తీసుకుందాం. 220 నుండి వయసు తీసివేసే సూత్రం ప్రకారం ఆయన గరిష్ఠ గుండె వేగం 160. అయితే రక్తపోటుకు ఇచ్చే కొన్ని మందులు గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి. వాటిని వాడేవారికి ఆ లెక్క దారి తప్పిస్తుంది. మాట మాత్రం తప్పించదు. ఆయన గాలిగోపురం వరకు ఉన్న నిటారు మెట్లపై ప్రతి ఐదు నిమిషాలకు నామాలు పలికి చూసుకోవాలి. నామం మధ్యలో తెగినా, అంకె 7కు చేరినా వేగం తగ్గించాలి. రెండు నిమిషాలలో మాట కుదుటపడకపోతే కూర్చోవాలి. తరువాత దారి కొంత చదునుగా సాగినా వేగం పెంచరాదు, చివర మోకాళ్ల మెట్టు ఇంకా మిగిలి ఉంటుంది.

ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చల్లని చెమట, కళ్లు తిరగడం కనిపిస్తే, మాట ఎంత స్పష్టంగా ఉన్నా వెంటనే ఆగి వైద్యసహాయం కోరాలి. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు యాత్రకు ముందే వైద్యుని అనుమతి పొందాలి.