బాక్స్ లేని ట్యాబ్‌కు సరిపడే కవర్, స్క్రీన్ గార్డ్ కొనడం ఎలా?



ఈమధ్య ఏడో తరగతి విద్యార్థి తల్లి ఒకరు ట్యాబ్ పట్టుకుని మా కంప్యూటర్ ల్యాబ్‌కు వచ్చారు. "సార్, డాలస్‌లో ఉన్న మా తమ్ముడు మేనల్లుడి కోసం పంపాడు. వాడు వాడుకున్నదే, బాక్స్ లేదు. ఆన్‌లైన్ క్లాసులో బాబు ముఖం కనబడటం లేదని మేడమ్ రోజూ అంటున్నారు. కెమెరా పోయినట్టుంది, రిపేర్‌కు ఇచ్చేయమంటారా?" అని అడిగారు.

తీరా చూస్తే కెమెరాకు ఏమీ కాలేదు. కొత్తగా వేయించిన స్క్రీన్ గార్డ్‌కు చుట్టూ నల్లటి అంచు ఉంది. కెమెరా కోసం దానికి ఒక రంధ్రం కూడా ఉంది, కానీ అది వేరే చోట ఉంది. అసలు కెమెరా నల్లటి అంచు కింద పడిపోయింది. కవర్ కూడా ఒక మూల సరిగా కూర్చోక పైకి లేచి ఉంది. షాపులో "10.9 ఐప్యాడ్" అని అడిగితే ఇచ్చినవే ఆ రెండూ. ప్యాకెట్ విప్పేశారు కాబట్టి వాళ్లు వెనక్కి తీసుకోలేదు.

బంధువులు ఇచ్చినవి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి, బాక్స్ పారేసినవి మన ఇళ్లలో చాలానే ఉంటాయి. అలాంటి ట్యాబ్ ఏ మోడలో నాలుగు ఫోటోలతో ఎలా తేల్చుకోవాలో, ఫోటో ఎక్కడిదాకా పనికొస్తుందో ఈ ట్యాబ్‌నే ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

అంగుళాలను నమ్ముకోవద్దు

10.9 అంగుళాలు అనేది స్క్రీన్‌ను మూల నుంచి మూలకు కొలిచిన కొలత. కవర్ కూర్చోవలసింది స్క్రీన్ మీద కాదు, ట్యాబ్ ఒంటి మీద. అందుకు పొడవు, వెడల్పు, మందం కలవాలి. బటన్లు, కెమెరా ఉన్న చోట్లు కూడా కలవాలి. ఐప్యాడ్ 10వ తరం, ఐప్యాడ్ ఎయిర్ 5వ తరం రెండూ 2022లోనే వచ్చాయి, రెండిటి స్క్రీనూ 10.9 అంగుళాలే. కానీ మొదటిది 248.6 × 179.5 మిల్లీమీటర్లు, మందం 7. రెండోది 247.6 × 178.5, మందం 6.1. తేడా ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. గట్టి ప్లాస్టిక్ కవర్‌లోకి పెద్దది దిగకపోవడానికి ఆ ఒక్కటీ చాలు. సిలికాన్ కవర్ అయితే సాగి లోపలికి పోతుంది కానీ మూల లేస్తుంది. ఆ తల్లి తెచ్చిన కవర్‌కు జరిగింది అదే.

నాలుగు ఫోటోలు

పాత కవర్ ఉంటే తీసేయండి. స్క్రీన్ ఆఫ్ చేసి, ట్యాబ్‌ను కిటికీ దగ్గర బల్ల మీద పెట్టండి. ముందు వైపు ఒకటి, వెనుక వైపు ఒకటి, ఛార్జింగ్ పోర్టును దగ్గరగా ఒకటి, బటన్లు కనిపించేలా అంచులది ఒకటి తీయండి. ఫోన్‌ను మరీ దగ్గరగా గానీ వాలుగా గానీ పట్టుకుంటే స్క్రీన్ చుట్టూ ఉండే అంచు, అంటే బెజెల్, ఒక వైపు లావుగా ఇంకో వైపు సన్నగా కనబడి మోసం చేస్తుంది. కొంచెం దూరం నుంచి జూమ్ చేసి, సరిగ్గా పైనుంచి తీయండి. పక్కన పిల్లల స్కేలు పెడితే మరీ మంచిది.

ఒక జాగ్రత్త: కొన్ని ట్యాబ్‌ల వెనుక మోడల్ నంబర్‌తో పాటు సీరియల్ నంబర్ కూడా ఉంటుంది. ఆ ఫోటోను క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

ఫోటోను అడగవలసిన ప్రశ్నలు

మొదటిది, బెజెల్. స్క్రీన్ కింద గుండ్రటి హోమ్ బటన్ ఉందా? ఉంటే పైనా కిందా అంచులు వెడల్పుగా, పక్కల సన్నగా ఉంటాయి. ఆ తల్లి తెచ్చిన ఐప్యాడ్‌కు బటన్ లేదు, నాలుగు వైపులా అంచు ఒకేలా ఉంది. అంటే కొత్త రూపం ఐప్యాడ్‌లలో ఒకటి.

రెండోది, పోర్టు. లోపలికి తొంగి చూడండి. మధ్యలో సన్నటి నాలుక లాంటి పలక ఉంటే అది టైప్-సి. లోపల ఖాళీగా ఉంటే లైట్నింగ్. ఈ ఐప్యాడ్‌కు ఉన్నది టైప్-సి.

మూడోది, ముందు కెమెరా. వెనుక కెమెరా ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు. 10వ తరానికీ ఎయిర్ 5కీ వెనుక మూలన ఒక్కటే లెన్స్ ఉంటుంది. ముందు కెమెరా అలా కాదు. ఎయిర్ 5లో అది పొట్టి అంచు మధ్యలో ఉంటుంది. 10వ తరంలో పొడుగు అంచు మధ్యలో ఉంటుంది, అంటే ట్యాబ్‌ను అడ్డంగా నిలబెట్టినప్పుడు సరిగ్గా పైన వస్తుంది. ఆ బాబు ట్యాబ్‌లో కెమెరా పొడుగు అంచు మీదే ఉంది. గార్డ్‌కు రంధ్రం ఉన్నది పొట్టి అంచు మీద. షాపులో ఇచ్చింది ఎయిర్ గార్డ్ అని అక్కడే తెలిసిపోయింది.

ఇక్కడితో అయిపోయిందనుకోకూడదు. 2024లో వచ్చిన 11 అంగుళాల ఎయిర్‌కు కూడా హోమ్ బటన్ లేదు, టైప్-సి ఉంది, ముందు కెమెరా పొడుగు అంచు మీదే ఉంది. దాని మందం మాత్రం 6.1 మిల్లీమీటర్లే. అందుకే నాలుగో ప్రశ్న కావాలి: మూడు చుక్కలు ఎక్కడున్నాయి? కీబోర్డు తగిలించడానికి ఐప్యాడ్‌లలో వరుసగా మూడు చిన్న లోహపు చుక్కలు ఉంటాయి. 10వ తరంలో అవి పక్క అంచు మీద ఉంటాయి. ఈ ఎయిర్‌లన్నిటిలో వెనుక వైపు ఉంటాయి. ఈ ట్యాబ్‌లో అంచు మీద కనిపించాయి. కాబట్టి ఇది ఎయిర్ కాదు.

ఫోటో ఆగిపోయే చోటు

అయినా పేరు ఇంకా ఖాయం కాలేదు. 2025లో వచ్చిన ఏ16 ఐప్యాడ్ పైకి అచ్చం 10వ తరంలాగే ఉంటుంది. అదృష్టం కొద్దీ రెండిటి కొలతలూ ఒకటే, కవర్ ఏదైనా సరిపోతుంది. కానీ ప్రతిసారీ అలా కలిసిరాదు. చివరి మాట ఎప్పుడూ మోడల్ నంబర్‌దే.

ఐప్యాడ్ వెనుక కింది భాగంలో చిన్న అక్షరాల్లో A తో మొదలయ్యే నంబర్ ఉంటుంది. ఫోన్ టార్చి పక్కనుంచి వేస్తే కనబడుతుంది. ట్యాబ్ తెరుచుకుంటే Settings > General > About లోకి వెళ్లండి. అక్కడ Model Number ఎదురుగా వేరే ఏదో కోడ్ కనిపిస్తుంది, దాని మీద ఒకసారి తాకితే A నంబర్ వస్తుంది. మన ఉదాహరణలో A2696 వచ్చింది. అది 10వ తరం, వై-ఫై రకం. షాపులో చెప్పవలసిన మాట ఇదే: "ఐప్యాడ్ 10వ తరం, A2696."

హోమ్ బటన్ ఉన్న ఐప్యాడ్ అయితే

7, 8, 9 తరాలు మూడింటికీ ఒకటే ఒళ్లు: 250.6 × 174.1 మిల్లీమీటర్లు, మందం 7.5. ఒకదాని కవర్ ఇంకోదానికి నిస్సందేహంగా సరిపోతుంది. 2018 నాటి 6వ తరం ఫోటోలో అచ్చం వాటిలాగే కనబడుతుంది కానీ పొడవు 240 మిల్లీమీటర్లే. ఒక సెంటీమీటర్ తేడా కాబట్టి స్కేలు పెడితే తెలిసిపోతుంది. పైగా 6వ తరానికి మూడు చుక్కలు ఉండవు.

స్కేలుకు దొరకనిది ఒకటుంది. 2019 నాటి ఎయిర్ 3వ తరం పొడవు, వెడల్పు 7, 8, 9 తరాలతో సమానం. హోమ్ బటన్, లైట్నింగ్ పోర్టు, అంచు మీద చుక్కలు అన్నీ ఉంటాయి. మందం మాత్రం 6.1. వాటి కవర్ దీనికి తొడిగితే వదులై, ట్యాబ్ లోపల కదులుతుంది. ఇక్కడ కూడా A నంబర్ చూస్తేనే తేలుతుంది.

ఆండ్రాయిడ్, కిండిల్

శామ్‌సంగ్‌లో "ట్యాబ్ ఏ" అని మాత్రమే చెబితే చాలదు. ట్యాబ్ ఏ8 పొడవు 246.8 మిల్లీమీటర్లు, ఏ9 ప్లస్ 257.1. ప్లస్ లేని ఏ9 అయితే ఇంకా చిన్నది, 8.7 అంగుళాలు. Settings లో చివరన About tablet తెరిస్తే Model number కనిపిస్తుంది. SM-X200 అంటే ఏ8 వై-ఫై, SM-X205 అంటే సిమ్ వేసుకునే ఏ8. ఈ రెండిటికీ కవర్ ఒకటే.

కిండిల్ పేపర్‌వైట్‌కు కెమెరా ఉండదు కాబట్టి పోర్టే ఆధారం. 2018 నాటి 6 అంగుళాల దానికి మైక్రో యూఎస్‌బీ, 2021 నాటి 6.8 అంగుళాల దానికి టైప్-సి. దానికి గార్డ్ వేయాలనుకుంటే మెరిసే గాజు కాకుండా మ్యాట్ రకం తీసుకోండి. లేకపోతే కాగితంలా కనిపించే స్క్రీన్ అద్దంలా మెరుస్తుంది.

ప్యాకెట్ మీద ఏం చూడాలి, అంటించే ముందు ఏం చేయాలి

ప్యాకెట్ మీద అంగుళాలు కాదు, తరం పేరు గానీ మోడల్ నంబర్ గానీ వెతకండి. మీ నంబర్ ఆ జాబితాలో లేకపోతే "అదే ఇదీ అండీ" అనే మాటకు డబ్బు ఇవ్వకండి. కవర్‌ను ముందు కొనండి, గార్డ్‌ను తర్వాత. కవర్ అంచు స్క్రీన్ మీదికి కొంచెం వంగి ఉంటుంది. గార్డ్ మరీ అంచుదాకా ఉంటే కవర్ దాన్ని పైకి నెడుతుంది, అక్కడ బుడగలు వస్తాయి.

గార్డ్ వెనుక ఫిల్మ్ తీయకముందే, కవర్ తొడిగిన ట్యాబ్ మీద దాన్ని ఊరికే పెట్టి చూడండి. నాలుగు వైపులా ఖాళీ సమానంగా ఉందా? కవర్ అంచు తగులుతోందా? ముందు కెమెరా మీద నల్లటి భాగం ఏదైనా పడుతోందా? కెమెరా యాప్ తెరిచి మీ ముఖం కనబడుతుందో లేదో చూసుకోండి. షాపులోనే చేయగలిగిన పరీక్ష ఇది. ఫిల్మ్ తీసేశాక తప్పు తెలిసినా డబ్బు రాదు.

ఆ తల్లి పాత గార్డ్ ఒక మూల నుంచి మెల్లగా లేపగానే కెమెరాలో బాబు ముఖం కనిపించింది. రిపేర్ ఖర్చు తప్పింది. మర్నాడు A2696 అని చీటీ మీద రాసుకుని షాపుకు వెళ్లారు. మీ ఇంట్లో ఉన్న ట్యాబ్ నంబర్ కూడా ఈరోజే చూసి ఫోన్‌లో రాసిపెట్టుకోండి. పాత కవర్ చిరిగిన రోజున వెతుక్కోనవసరం ఉండదు.